ఫ్లోరైడ్ యూనిట్ టెక్నికల్ నోటు: ప్రాజెక్టు డైరీ

జనవరి 6, నల్గొండ

మా ఫ్లోరైడ్ తొలగించే యూనిట్ బ్రోచర్ తిరిగొచ్చింది. హాస్టళ్లకు నీటి యూనిట్లు కొనే ఒక సంస్థ టెక్నికల్ కమిటీకి పంపాం. జవాబు మూడే ప్రశ్నలు. "95 శాతం ఫ్లోరైడ్ తొలగిస్తుంది అన్నారు. ఏ నీటిలో? ఎన్ని లీటర్లు పోయాక? ఎవరు కొలిచారు?" వద్దు అని రాయలేదు, కానీ కావాలని కూడా రాయలేదు.

బావ చదివి, "ఇంకో నాలుగు ఫొటోలు పెట్టి రంగుల్లో కొట్టిద్దాం" అన్నాడు. ఆయన అమ్మకాలు చూస్తాడు, నేను వర్క్‌షాప్ చూస్తాను. ఆ మూడు ప్రశ్నలకు నా దగ్గరే జవాబు లేదు. అది నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. 95 అన్న అంకె ఎక్కడిదో వెతికితే, పోయిన ఏడాది యూనిట్ పెట్టిన మొదటి రోజు పట్టిన ఒక్క సీసాది అని తేలింది.

ఈ జిల్లాలో ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు వంకర తిరిగిన కాళ్లను చూస్తూనే పెరిగాం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ మన ఊరి పేరే పెట్టింది. ఇక్కడి నుంచి ఫ్లోరైడ్ యూనిట్ గురించి ఒక కాగితం బయటికి పోతే, అందులో ప్రతి అంకె నిలబడాలి. కాబట్టి బ్రోచర్ పక్కన పెట్టి కొత్తగా నోటు రాద్దామని నిర్ణయించాను. రాసే ముందు కొలవాలి.

జనవరి 7

బ్రోచర్‌ను ఎర్రపెన్నుతో చదివాను. "అత్యాధునిక", "అద్భుతమైన", "సంపూర్ణ రక్షణ" లాంటి మాటలు తీసేయడం సులువు. అవి పోయినా వాక్యంలో సమాచారం ఏమీ తగ్గలేదు. ఇబ్బంది పెట్టినవి చిన్న మాటలు.

ఒకటి "వరకు". "10,000 లీటర్ల వరకు శుభ్రమైన నీరు" అని రాశాం. ఇది 10,000కీ నిజం, 500కీ నిజం. ఇంజనీరు ఈ మాట చూడగానే పెన్ను కింద పెట్టేస్తాడు, ఎందుకంటే దీన్ని తప్పని తేల్చే పరీక్ష ఏదీ లేదు.

రెండోది "పరీక్షించారు". తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. "ప్రయోగశాలలో పరీక్షించారు" అంటే ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతితో అన్నది చెప్పకుండానే వాక్యం పూర్తయినట్టు ఉంటుంది. నోటు చివరికి ఇంగ్లీషులోనే పోవాలి, కానీ నేను మొదట తెలుగులో రాసుకుంటున్నాను. ఇకమీదట కొలత ఉన్న ప్రతి వాక్యంలో కర్త ఉండాలని నియమం పెట్టుకున్నాను. నేను కొలిస్తే "నేను కొలిచాను". బయటి ల్యాబ్ కొలిస్తే ల్యాబ్ పేరు, రిపోర్టు నంబరు.

జనవరి 9

యూనిట్ పరీక్ష పరుగు మొదలుపెట్టాం. జిల్లాలో ఒక పాఠశాల వెనకాల బోరు. యూనిట్‌లో 20 కిలోల ఆక్టివేటెడ్ అల్యూమినా గుళికలు ఉన్నాయి, పోసినప్పుడు అవి 25 లీటర్ల చోటు పట్టాయి. ప్రవాహం గంటకు 150 లీటర్లకు సెట్ చేశాను. అంటే నీళ్లు గుళికల పొరలో పది నిమిషాలు ఉంటాయి. ఈ పది నిమిషాలే అసలు విషయం. ప్రవాహం రెట్టింపు చేస్తే అదే యూనిట్ వేరే యూనిట్ అయిపోతుంది. పాత బ్రోచర్‌లో ప్రవాహం అంకె లేనే లేదు.

ముడి నీరు: ఫ్లోరైడ్ లీటరుకు 3.6 మి.గ్రా., పీహెచ్ 7.9, ఆల్కలినిటీ 420. ఈ చివరి రెండూ ఎందుకంటే, ఆక్టివేటెడ్ అల్యూమినా ఫ్లోరైడ్‌ను పీహెచ్ 5, 6 మధ్య బాగా పట్టుకుంటుంది. మన బోర్ల నీళ్లు 8 దగ్గర ఉంటాయి. అక్కడ నీటిలోని హైడ్రాక్సైడ్, బైకార్బనేట్ కూడా అదే చోటు కోసం పోటీ పడతాయి. కాబట్టి ముడి నీటి పీహెచ్ రాయకుండా "ఇన్ని లీటర్లు" అని రాస్తే ఆ అంకెకు అర్థం లేదు.

రోజుకు ఆరు గంటలు, 900 లీటర్లు. ప్రతి 500 లీటర్లకు ఒక ప్లాస్టిక్ సీసా. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది కాబట్టి గాజు సీసాలు వద్దు.

జనవరి 20

9,000 లీటర్లు పూర్తి. బయటికొచ్చిన నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మి.గ్రా. ఉందో పెద్ద పుస్తకంలో రాసిన అంకెల్లోంచి కొన్ని:

500 లీటర్ల దగ్గర 0.12. 3,000 దగ్గర 0.20. 5,000 దగ్గర 0.41. 6,500 దగ్గర 0.72. 7,500 దగ్గర 1.02. 9,000 దగ్గర 1.5.

ఇప్పుడు 95 శాతం ఎక్కడుందో చూడండి. 500 లీటర్ల దగ్గర 3.6లో 0.12 మిగిలింది, అంటే 96 శాతానికి పైగానే పోయింది. 3,000 దగ్గర 94. 7,500 దగ్గర 72 శాతమే. అంటే మా బ్రోచర్ అబద్ధం చెప్పలేదు. మొదటి మూడు రోజుల నిజాన్ని మొత్తం యూనిట్ నిజంగా చెప్పింది. దీన్ని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇలాంటి అబద్ధం కాని మాటల వల్లే ఇంజనీర్లు కాగితాలను నమ్మడం మానేశారు.

ఇంకో సంగతి. శాతం అసలు పనికొచ్చే కొలత కాదు. తాగేవాడికి కావలసింది లీటరులో ఎంత మిగిలిందన్నది. ముడి నీటిలో 8 మి.గ్రా. ఉంటే 80 శాతం తీసినా 1.6 మిగులుతుంది. అది మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే 1.0 దాటడమే కాదు, వేరే నీరు లేనప్పుడు ఒప్పుకునే 1.5 కూడా దాటేస్తుంది. నోటులో శాతం ఎక్కడా రాయకూడదని తేల్చుకున్నాను. బావకు ఇది మింగుడు పడలేదు. "శాతం లేకుంటే జనానికి ఎట్ల అర్థమైతది?" అన్నాడు. ఈ కాగితం జనానికి కాదు బావా, ఆ కమిటీకి అన్నాను.

జనవరి 23

ఈరోజు నోటుకు గట్టి దెబ్బ తగిలింది, దానివల్లే నోటు బాగుపడింది.

పాత రీడింగులన్నీ మా దగ్గరున్న రంగు కిట్‌తో కొలిచినవి. ఈసారి సీసాలన్నీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడం ల్యాబ్‌కు తీసుకెళ్లి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాను. పైన రాసినవి ఎలక్ట్రోడ్ అంకెలే. అదే 7,500 లీటర్ల సీసాను మా కిట్‌తో కొలిస్తే 0.85 వచ్చింది. ఎలక్ట్రోడ్ 1.02 అంది. మా కిట్ మాకు అనుకూలంగా తప్పు చెప్తోంది.

మేడం వెంటనే అడిగారు: "నీళ్లలో అల్యూమినియం ఎంతుందో చూశారా?" చూడలేదు. రంగు పద్ధతిలో జిర్కోనియం, రంగు కలిసిన ద్రావణం నుంచి ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాగేసుకుంటే రంగు తగ్గుతుంది. నీళ్లలో అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్ ముందే దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. రంగు తగ్గాల్సినంత తగ్గదు, ఫ్లోరైడ్ తక్కువుందని కిట్ చెప్తుంది. మాది అల్యూమినా యూనిట్! బయటికొచ్చే నీటిలో కొంత అల్యూమినియం ఉండే తీరుతుంది. అంటే సరిగ్గా మా యూనిట్ నీటి దగ్గరే ఆ కిట్ తప్పుతుంది. ఎలక్ట్రోడ్ పద్ధతిలో నమూనాకు సమానంగా బఫర్ కలుపుతారు. అందులోని రసాయనం అల్యూమినియాన్ని పట్టేసుకుని ఫ్లోరైడ్‌ను వదిలిపెడుతుంది.

మేడం అల్యూమినియం కూడా కొలిపించారు. 0.16 వచ్చింది. ఐఎస్ 10500లో కోరదగిన హద్దు 0.03, వేరే నీరు లేనప్పుడు ఒప్పుకునేది 0.2. మేం ఈ రెంటి మధ్యన ఉన్నాం. ఈ అంకె నోటులో రాయాలా అని బావ ఫోన్లో అడిగాడు. రాయాలి. కమిటీలో ఎవరికైనా అల్యూమినా గురించి తెలిస్తే వాళ్లు మొదట వెతికేది ఇదే. మనం రాయకపోతే దాచామనుకుంటారు, అప్పుడు మిగతా అంకెలన్నీ పోతాయి. రాస్తే ఒక మైనస్ పడుతుంది, అంతే.

జనవరి 24

1.02 అని రాయాలా, 1.0 అని రాయాలా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, కానీ పూట మొత్తం దీనికే పోయింది.

ఎలక్ట్రోడ్ క్యాలిబ్రేషన్: 1 మి.గ్రా. ద్రావణంలో 118.4 మిల్లీవోల్టులు, 10 మి.గ్రా. ద్రావణంలో 60.6. తేడా 57.8. 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం 59.2 రావాలి, కాబట్టి ఎలక్ట్రోడ్ ఆరోగ్యంగానే ఉంది. దీంతో రీడింగును ఫ్లోరైడ్‌గా మార్చే సూత్రం:

```
F = 10^((118.4 - E) / 57.8)
```

7,500 లీటర్ల సీసాను మూడుసార్లు కొలిచాం: 117.1, 117.9, 118.6. సూత్రంలో పెడితే 1.05, 1.02, 0.99. అంటే ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే నాలుగు శాతం తేడా. ఈ తేడా ఉన్నప్పుడు 1.02 అని రాసి రెండో దశాంశం మీద నమ్మకం ఉన్నట్టు చూపించడం తప్పు. నోటులో "0.99 నుంచి 1.05, మూడు కొలతలు" అని రాశాను, మూడు మిల్లీవోల్టు రీడింగులు, సూత్రం కింద పెట్టాను. చదివేవాళ్లు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి సరిచూసుకోవచ్చు. నన్ను నమ్మాల్సిన పని లేదు. అలా రాయగలిగిన చోటల్లా అలాగే రాయాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఫిబ్రవరి 2

రెండు పనులు అయ్యాయి.

మొదటిది, అదే యూనిట్‌ను పునరుజ్జీవనం చేసి రెండో పరుగు. ఒక శాతం కాస్టిక్ సోడాతో కడిగి, తర్వాత పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో సరిచేశాం. రెండో పరుగులో 6,900 లీటర్ల దగ్గర 1.0 దాటింది. మొదటి పరుగుకన్నా ఎనిమిది శాతం తక్కువ.

ఇక్కడ ఇంజనీరుకు నచ్చే లెక్క ఒకటి దొరికింది. మొదటి పరుగులో 7,500 లీటర్ల వరకు బయటికొచ్చిన నీటి సగటు ఫ్లోరైడ్ సుమారు 0.4. అంటే లీటరుకు 3.2 మి.గ్రా. చొప్పున గుళికలు పట్టుకున్నది 24 గ్రాములు, కిలోకు 1.2 గ్రాములు. (9,000 వరకు నడిపాం కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే, ఆ సంగతీ నోటులో రాశాను.) కడిగిన నీళ్లన్నీ ఒక డ్రమ్ములో పట్టాం: 120 లీటర్లు, ఫ్లోరైడ్ లీటరుకు 180 మి.గ్రా. అంటే 21.6 గ్రాములు బయటికొచ్చాయి. లోపలికి పోయినదంతా తిరిగి రాలేదు, కొంత గుళికల్లోనే ఉండిపోయింది, రెండో పరుగు తగ్గడానికి అదే కారణమై ఉండాలి. రెండు వేర్వేరు చోట్ల కొలిచిన అంకెలు ఒకదానికొకటి ఇలా సాక్ష్యం చెప్తే, చదివేవాడికి ఏ సర్టిఫికెట్ కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

ఆ డ్రమ్ము నీళ్లను ఏం చేస్తారన్నది కూడా అడుగుతారు. సున్నం కలిపితే చాలా భాగం అడుగున పేరుకుంది, కానీ పైన తేట నీటిలో ఇంకా 10 మి.గ్రా. కన్నా ఎక్కువే ఉంది. ముడి నీటి కన్నా ఎక్కువ! అది నేల మీద వదలొద్దని, ప్లాస్టిక్ షీటు పరిచిన గుంతలో ఎండబెట్టాలని, ఆ గుంతకు చోటు లేని హాస్టల్‌లో యూనిట్ పెట్టొద్దని రాశాను.

రెండోది, కొత్త గుళికలతో ఇంకో యూనిట్‌ను వేరే బోరు మీద నడిపాం. కావాలనే కష్టమైన నీళ్లు వెతికాను: ఫ్లోరైడ్ 3.4, పీహెచ్ 8.5, ఆల్కలినిటీ 610. 4,300 లీటర్లకే 1.0 దాటేసింది. ఫ్లోరైడ్ కొంచెం తక్కువే, అయినా యూనిట్ సగానికి కాస్త పైన ఆగిపోయింది.

బావ ఈ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది చూస్తే కొంటరా?" అన్నాడు. కొనకపోవచ్చు. కానీ అలాంటి బోరున్న హాస్టల్‌కు 7,500 అని చెప్పి అమ్మితే, ఐదో రోజు నుంచే పిల్లలు ఫ్లోరైడ్ నీళ్లు తాగుతారు, ఎవరికీ తెలియదు. రంగు మారదు, రుచి మారదు. ఆ మాట విన్నాక బావ తానే ఆ అంకెను మొదటి పేజీలోకి మార్చమన్నాడు.

ఫిబ్రవరి 5

నోటు రాశాను. నాలుగు పేజీలు. మొదటి పేరా ఇలా వచ్చింది:

"20 కిలోల ఆక్టివేటెడ్ అల్యూమినా, గంటకు 150 లీటర్లు. ముడి నీరు: ఫ్లోరైడ్ 3.6, పీహెచ్ 7.9, ఆల్కలినిటీ 420. మేము జనవరి 9 నుంచి 20 దాకా నడిపాం. 7,500 లీటర్ల దగ్గర బయటి నీటి ఫ్లోరైడ్ 1.0కి చేరింది. పీహెచ్ 8.5, ఆల్కలినిటీ 610 ఉన్న మరో బోరు మీద ఇదే 4,300 లీటర్ల దగ్గర జరిగింది. ఈ రెండు బోర్లు తప్ప వేరే నీటి మీద మేము పరీక్షించలేదు."

చివరి వాక్యం రాసేటప్పుడు చేయి ఆగింది. కానీ అది లేకపోతే చదివేవాళ్లు ఈ అంకెలను ఎక్కడిదాకా సాగదీయొచ్చో తెలియదు.

రెండో పేరా, యూనిట్ ఎక్కడ అక్కర్లేదో. మిషన్ భగీరథ నది నీళ్లు రోజూ అందుతూ, వాటిలో ఫ్లోరైడ్ 1.0 లోపు ఉంటే ఇది కొనొద్దు. తాగడానికి ఇంకా బోరు నీళ్లే వాడుతున్న చోటు కోసమే ఇది. కమిటీ అడగకముందే చెప్పాలి, ఎందుకంటే ఈ జిల్లాలో ఎవరైనా మొదట అడిగేది అదే.

విశేషణాలు వెతికితే మూడు దొరికాయి. "మంచి నాణ్యత గల గుళికలు" అని ఉంది, దాని బదులు గుళికల సైజు, సరఫరాదారు బ్యాచ్ నంబరు పెట్టాను. "త్వరగా" బదులు "ఐదు గంటల్లో". "సులభంగా" అన్నదానికి బదులు దొరకలేదు, తీసేశాను. చేతికి రబ్బరు గ్లవుజులు వేసుకుని కాస్టిక్ కలపడం సులభమని నేను అనుకుంటే సరిపోదు.

ఫిబ్రవరి 18

కమిటీ నుంచి ఇద్దరు వచ్చారు. మూడో పరుగు నడుస్తోంది, మీటరు 3,000 దగ్గరుంది. పెద్దాయన నోటు ప్రింటు చేతిలో పట్టుకునే వచ్చారు, అంచుల్లో పెన్సిలు గీతలు. మిల్లీవోల్టుల లెక్క ఇంటి దగ్గరే చేసి చూసుకున్నానన్నారు. తమ సీసాలో తామే నీళ్లు పట్టుకున్నారు, అదే ధారలోంచి మమ్మల్నీ ఒకటి పట్టమన్నారు.

ఆ తర్వాత పది లీటర్ల బకెట్, స్టాప్‌వాచ్ అడిగారు. పై ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బకెట్ నిండడానికి 3 నిమిషాల 42 సెకన్లు. ట్యాంకు కిందికి దిగేదాకా ఆగి మళ్లీ కొలిచారు: 4 నిమిషాల 21 సెకన్లు. అంటే గంటకు 162, 138. మేం రాసింది 150.

నేను పొద్దున ఒకసారి వాల్వు సెట్ చేసి అదే రోజంతా ఉంటుందనుకున్నాను. ట్యాంకులో నీటి ఎత్తు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, ప్రవాహం తగ్గుతుంది. ఇది నాకు తెలియనిది కాదు, కొలవలేదంతే. నీళ్లు పొరలో ఉండే సమయం పది నిమిషాలు కాదు, తొమ్మిదింపావు నుంచి దాదాపు పదకొండు.

"ప్రవాహం రాయబట్టే కదా నేను కొలవగలిగింది," అన్నారు పెద్దాయన. కోపంగా అనలేదు. సరిచేసి పంపమన్నారు.

ఫిబ్రవరి 24

వాళ్ల ల్యాబ్ రిపోర్టు వచ్చింది: 0.27. అదే నీటికి మా ఎలక్ట్రోడ్ 0.25. రెండూ నోటులో పక్కపక్కన పెట్టాను.

ప్రవాహం వాక్యం మార్చాను: "గంటకు 138 నుంచి 162 లీటర్లు, పై ట్యాంకు నీటి ఎత్తును బట్టి. కమిటీ ఫిబ్రవరి 18న బకెట్‌తో కొలిచింది. అంతకుముందు మేము 150 అని రాసింది ట్యాంకు సగం ఉన్నప్పటి ఒక్క కొలత." పాత వాక్యాన్ని చెరిపేయకుండా కొట్టివేసి, తేదీ వేసి ఉంచాను. బావ ట్యాంకులో పెట్టడానికి ఫ్లోట్ వాల్వు తెచ్చాడు. రేపు బిగించి, మళ్లీ బకెట్ పెట్టి కొలవాలి.